పన్నెండు వాక్యాలు, రెండు వైఖరులు, ఒకే ఆల్ఫా

ఎండీ కమ్యూనిటీ మెడిసిన్ థీసిస్‌లలోనూ, ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ కింద ఎంబీబీఎస్ విద్యార్థులు చేసే చిన్న పరిశోధనల్లోనూ ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది. ‘మా ప్రశ్నావళికి క్రాన్‌బాక్ ఆల్ఫా 0.78 వచ్చింది, కాబట్టి ఇది నమ్మదగినది.’ ఆ ఒక్క వాక్యంతో కొత్త ప్రశ్నావళికి ముద్ర పడిపోతుంది. దాన్ని ఇంకో కాలేజీవాళ్లు తీసుకుని వాడతారు. వచ్చిన సగటు మార్కులు చూసి ‘మన వైద్య విద్యార్థుల్లో సగం మందికి పల్లె సేవ మీద మంచి వైఖరి లేదు’ అని తేలుస్తారు. ఆ మాట పత్రికలకెక్కి, విధానాలు రాసేవాళ్ల దాకా చేరుతుంది. మొదట్లో వేసిన ముద్రలో ఎంత బలం ఉందో అడిగేవాళ్లు తక్కువ.

ఆల్ఫా లెక్క కష్టమైనదేమీ కాదు. ప్లస్ టూ గణితం వస్తే చాలు. కానీ అది ఏ ప్రశ్నకు జవాబో తెలియకుండా వాడితే పెద్ద పొరపాటుకే దారితీస్తుంది. ఒక ఊహా ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా నడిచి చూద్దాం. ఇందులోని అంకెలు లెక్క సులువుగా తేలడానికి నేను ఎంచుకున్నవి. ఏ కాలేజీ ఫలితాలూ కావు.

పల్లె ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, అంటే పీహెచ్‌సీలో, పనిచేయడం గురించి ఎంబీబీఎస్ విద్యార్థుల వైఖరి కొలవాలని ఒక పీజీ విద్యార్థి అనుకున్నాడు. పన్నెండు వాక్యాలు రాశాడు. ప్రతి వాక్యం పక్కన అయిదు గడులు ఉంటాయి: ‘అస్సలు ఒప్పుకోను’ అంటే 1, ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ అంటే 5. రెన్సిస్ లికర్ట్ 1932లో పరిచయం చేసిన పద్ధతి ఇది. అన్నీ కూడితే ఒక్కో విద్యార్థికి 12 నుంచి 60 లోపు ఒక మార్కు వస్తుంది.

ఆ పన్నెండింటిలో ఆరు వాక్యాలు బాధ్యత గురించి. ‘చదువయ్యాక కొన్నేళ్లు పల్లెల్లో పనిచేయడం డాక్టరు ధర్మం’ లాంటివి. మిగతా ఆరు అక్కడి బతుకు గురించి. ‘పీహెచ్‌సీ ఉన్న ఊళ్లో కుటుంబంతో సహా నిశ్చింతగా ఉండగలను’ లాంటివి. రాసినతనికి ఇవన్నీ ఒకే విషయంలా తోచాయి. అన్నీ పల్లె సేవ గురించే కదా.

ఇక ఆల్ఫా. ప్రతి వాక్యానికీ వచ్చిన మార్కులు విద్యార్థికీ విద్యార్థికీ మధ్య ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతను వేరియన్స్ అంటారు. మన ఉదాహరణలో ప్రతి వాక్యం వేరియన్స్ 1 అనుకుందాం. పన్నెండూ కలిపితే 12. వాక్యాల మధ్య ఏ సంబంధమూ లేకపోతే మొత్తం మార్కు వేరియన్స్ కూడా సరిగ్గా 12 దగ్గరే ఆగుతుంది. ఒక వాక్యంలో ఎక్కువ వేసినవాళ్లు మరో వాక్యంలోనూ ఎక్కువ వేస్తుంటే మొత్తం మార్కు అంతకంటే బాగా చెదురుతుంది. పైనున్నవాళ్లు ఇంకా పైకి, కిందున్నవాళ్లు ఇంకా కిందికి పోతారు. ఆల్ఫా కొలిచేది ఈ అదనపు చెదురునే.

మన పీజీ విద్యార్థి డేటాలో బాధ్యత వాక్యాలు ఆరూ తమలో తాము 0.5 సహసంబంధంతో కదిలాయి అనుకుందాం. 0 అంటే పొంతనే లేదు, 1 అంటే పూర్తి పొంతన. 0.5 అంటే ఇలాంటి వాక్యాలకు చాలా మంచి సంబంధమే. బతుకు వాక్యాలు ఆరూ కూడా తమలో తాము అంతే. కానీ ఈ గుంపుకూ ఆ గుంపుకూ మధ్య సంబంధం సున్నా. బాధ్యత ఉందని నమ్మేవాడు అక్కడ ఉండగలనని అనుకోవచ్చు, అనుకోకపోవచ్చు. అలాంటప్పుడు మొత్తం మార్కు వేరియన్స్ 42 అవుతుంది. లెక్క ఇలా తేలుతుంది:

α = 12/11 × (1 − 12/42) = 0.78

పన్నెండు వాక్యాల్లో ఒకదానితో ఒకటి ఏమాత్రం సంబంధం లేని రెండు వైఖరులున్నాయి. అయినా ఆల్ఫా 0.78 వచ్చింది. 0.70 దాటింది కాబట్టి గైడ్ సంతకం పెడతారు, పత్రిక అచ్చేస్తుంది.

దీని ఫలితం మనుషుల మీద ఎలా పడుతుందో చూడండి. ఒక విద్యార్థిని బాధ్యత వాక్యాలన్నిటికీ 5 వేసింది, బతుకు వాక్యాలన్నిటికీ 1 వేసింది. మొత్తం 36. పల్లెకు వెళ్లాలనే ఉంది, కానీ క్వార్టర్స్, రాత్రి డ్యూటీలో భద్రత తలచుకుంటే భయం. ఇంకో విద్యార్థి సరిగ్గా తిరగేసి వేశాడు. ఊళ్లో ఉండటం అతనికి సమస్య కాదు, కానీ అది తన బాధ్యతని ఒప్పుకోడు. అతనికీ 36. మూడో విద్యార్థి అన్నిటికీ మధ్య గడిలో 3 వేసి చేతులు దులుపుకున్నాడు. అతనికీ 36. మొదటి అమ్మాయికి కావాల్సింది తాళం పడే గది, రాత్రి కాపలా. రెండో అబ్బాయితో మాట్లాడాల్సింది వైద్యవృత్తి గురించి. మూడో అతను అసలు ప్రశ్నలు చదివాడో లేదో తెలియదు. ముగ్గురినీ ఒకే అంకెలో కూరిపెట్టిన స్కేలు ఎవరికీ పనికిరాదు. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే.

ఇది కొత్తగా బయటపడిన లోపమేమీ కాదు. లీ క్రాన్‌బాక్ తన వ్యాసం 1951లో ‘సైకోమెట్రికా’ పత్రికలో ప్రచురించారు. అంతకు ముందే, 1937లో, తప్పొప్పుల పరీక్షలకు క్యూడర్, రిచర్డ్‌సన్ ఇలాంటి సూత్రమే ఇచ్చారు. 1945లో గట్‌మన్ ఇదే లెక్కను మరో పేరుతో చూపించారు. వాక్యాల సంఖ్య పెరిగితే, లోపల రెండు మూడు వేర్వేరు విషయాలున్నా ఆల్ఫా పెరుగుతుందని హోసే కోర్టినా 1993లో లెక్కలతో స్పష్టం చేశారు. క్రాన్‌బాక్ 2001లో కన్నుమూశారు. ఆయన చివరి ఆలోచనలు 2004లో వ్యాసంగా వచ్చాయి. ఆల్ఫా ఒక్కదానితో సరిపెట్టుకోవద్దని, అంతకంటే విస్తృతమైన పద్ధతులు వచ్చాయని ఆయనే అందులో చెప్పారు.

మరి 0.70 గీత ఎక్కడిది? ఎక్కువమంది ఉదహరించేది జమ్ నన్నలీ 1978 నాటి పుస్తకాన్ని. ఆయన 0.70ను పరిశోధన తొలిదశకు సరిపోతుందన్నారు. మామూలు పరిశోధనకు 0.80 ఉండాలన్నారు. ఒక మనిషి గురించి నిర్ణయం తీసుకునేటప్పుడు కనీసం 0.90, వీలైతే 0.95 కావాలన్నారు. మనవాళ్లు మొదటి మెట్టునే పట్టుకుని మిగతా రెండూ వదిలేశారు.

ఆ మెట్లు ఎందుకో మన ఉదాహరణలోనే తెలుస్తుంది. బాధ్యత వాక్యాలు ఆరింటినీ విడిగా లెక్కిస్తే ఆల్ఫా 0.86 వస్తుంది. మంచి అంకె. వాటి మొత్తం మార్కు 6 నుంచి 30 దాకా ఉంటుంది, చెదురు (స్టాండర్డ్ డీవియేషన్) దాదాపు 4.6. ఈ రెండింటి నుంచి ఒక్కో విద్యార్థి మార్కులో ఎంత పొరపాటు ఉండొచ్చో లెక్కగట్టవచ్చు. 20 వచ్చిన విద్యార్థి అసలు మార్కు సుమారు 17 నుంచి 23 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 0.86 ఉన్నా పరిస్థితి ఇది. రెండు బ్యాచ్‌ల సగటులు పోల్చడానికి ఈ స్కేలు పనికొస్తుంది. ‘20 కంటే తక్కువ వచ్చినవాళ్లకు కౌన్సెలింగ్’ అని గీత గీయడానికి పనికిరాదు.

ఇప్పుడు తెరమీద ఆల్ఫా చాలా తక్కువగా వచ్చిన సందర్భం. మొదట అనుమానించాల్సింది వ్యతిరేకార్థంలో రాసిన వాక్యాలను. ‘పీహెచ్‌సీలో పనిచేస్తే చదివిన చదువు వృథా’ అన్న వాక్యానికి 5 వేసినవాడి వైఖరి ప్రతికూలం. కాబట్టి కూడే ముందు ఆ మార్కు తిరగేయాలి: 5ను 1గా, 4ను 2గా. మన ఆరు వాక్యాల్లో ఒక్కదాన్ని తిప్పడం మరిచిపోతే ఆల్ఫా 0.86 నుంచి 0.55కి పడిపోతుంది. రెండింటిని మరిచిపోతే సున్నా దాటి మైనస్ 0.24కి దిగుతుంది. మైనస్ ఆల్ఫా కనిపిస్తే దాదాపు ఎప్పుడూ ఇదే కారణం. ఎస్‌పీఎస్‌ఎస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ప్రతి వాక్యానికీ మిగతా వాక్యాల మొత్తంతో ఉన్న సంబంధం ఒక పట్టికలో వస్తుంది. అక్కడ మైనస్ గుర్తున్న వాక్యాన్ని వెతికి పట్టుకోవాలి. తిప్పాల్సిన వాక్యమే అయితే తిప్పితే సరిపోతుంది. తీసి పారేస్తే మంచి వాక్యం పోతుంది.

ఆ పట్టికలోనే ఇంకో నిలువు వరస ఉంటుంది: ఈ వాక్యం తీసేస్తే ఆల్ఫా ఎంత అవుతుంది అని. చాలామంది దాన్ని చూస్తూ ఆల్ఫా పెరిగిన ప్రతిసారీ ఒక వాక్యం కోసేస్తూ పోతారు. ఇది నాకు చాలా బాధ కలిగించే అలవాటు. ‘నా జీవిత భాగస్వామికి ఆ ఊళ్లో ఉద్యోగం దొరకదు’ అన్న వాక్యం మిగతావాటితో కలిసి కదలకపోవచ్చు. కానీ పల్లెకు వెళ్లడమా మానడమా అన్న నిర్ణయంలో ఎంతోమందికి అసలు చిక్కు అదే కావొచ్చు. దాన్ని కోస్తే ఆల్ఫా రెండు పాయింట్లు పెరుగుతుంది, స్కేలు మాత్రం అసలు సంగతి అడగడం మానేస్తుంది. పైగా ఒకే డేటాలో కోసి అదే డేటాలో పెరిగిన ఆల్ఫా చూపిస్తే ఆ పెరుగుదలలో కొంత కాకతాళీయం. ఏ వాక్యం తీశారో, ఎందుకు తీశారో రాసి, మిగిలిన స్కేలును కొత్త బ్యాచ్ మీద మళ్లీ చూడాలి.

ఆల్ఫా మరీ ఎక్కువగా రావడమూ మెచ్చుకోవాల్సిన విషయం కాదు. ‘పల్లెలో పనిచేయడం నాకిష్టం’, ‘గ్రామాల్లో ఉద్యోగం నాకు నచ్చుతుంది’, ‘పల్లె ఉద్యోగం నాకు సంతోషం’ అంటూ ఒకే మాటను ఆరు రకాలుగా రాస్తే వాటి మధ్య సహసంబంధం 0.8 దాకా పోవచ్చు. అప్పుడు ఆల్ఫా 0.96. వైఖరిని లోతుగా కొలిచినందుకు వచ్చిన అంకె కాదది. ఒకే ప్రశ్న ఆరుసార్లు అడిగినందుకు వచ్చింది. అందుకే 0.90 దాటితే వాక్యాలు ఒకదాన్నొకటి పునరుక్తి చేస్తున్నాయేమో చూడమని కొలతల నిపుణులు చెబుతారు.

వైద్య కళాశాలల్లో ఇంకో కారణం కూడా ఉంటుంది. దాన్ని లెక్క పట్టుకోలేదు. క్లాసు చివర డిపార్ట్‌మెంట్ వాళ్లే ఫారాలు పంచుతారు. పైన రోల్ నంబరు రాయమంటారు. ఆ డిపార్ట్‌మెంటే ఇంటర్నల్ మార్కులు వేస్తుంది. విద్యార్థి ఏం చేస్తాడు? ‘సార్‌కి నచ్చే’ జవాబు వేస్తాడు. లేదా భోజనం బెల్లు కొట్టేలోపు అన్నిటికీ 4 టిక్కు పెట్టేసి లేస్తాడు. కొందరు అన్నిటికీ 4, కొందరు అన్నిటికీ 5, ఇంకొందరు అన్నిటికీ 3 పెడితే వాక్యాలన్నీ కలిసి కదిలినట్టే లెక్కలో కనిపిస్తుంది, ఆల్ఫా పైకి పోతుంది. ఇక్కడ పొంతన ఉన్నది వైఖరిలో కాదు, తప్పించుకునే తీరులో. వ్యతిరేకార్థ వాక్యాలు కొన్ని ఉంటే ఇలాంటి ఫారాలు బయటపడతాయి, ఎందుకంటే అన్నిటికీ 4 పెట్టినవాడు తనను తానే ఖండించుకుంటాడు. పేరు, రోల్ నంబరు అడగకపోవడం, బోధించని వాళ్లతో పంచించడం ఇంకా మంచి మందు.

వ్యతిరేకార్థ వాక్యాలతో ఒక ఇబ్బంది కూడా ఉంది. జాగ్రత్తగా చదవనివాళ్ల వల్ల అవన్నీ ఒక పక్కకు, అనుకూల వాక్యాలన్నీ ఇంకో పక్కకు చీలిపోవచ్చు. బ్రిటన్‌లో రీస్, షియర్డ్, డేవిస్ 2002లో ప్రచురించిన కమ్యూనికేషన్ స్కిల్స్ యాటిట్యూడ్ స్కేలు వైద్య విద్యార్థుల మీద బాగా వాడకంలో ఉన్నది. అందులో 26 వాక్యాలు. వాటిని ఒకే మార్కుగా కూడరు. సానుకూల వైఖరికి 13, ప్రతికూల వైఖరికి 13 చొప్పున రెండు ఉపస్కేళ్లుగా చూస్తారు. రెండిటికీ విడివిడిగా ఆల్ఫా ఇవ్వడం సరైన పద్ధతే. అయితే ఇలాంటి చోట చీలింది వైఖరేనా, వాక్యం రాసిన తీరు వల్ల చీలిందా అని కూడా అడగాలి. ఈ స్కేలును మన కాలేజీల్లో వాడేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: బ్రిటన్ విద్యార్థుల్లో వచ్చిన ఆల్ఫాను మన థీసిస్‌లో రాసుకుంటే చెల్లదు. ఆల్ఫా స్కేలు సొత్తు కాదు, ఆ రోజు ఆ గుంపు ఇచ్చిన జవాబుల సొత్తు. ఒకే ఆలోచన ఉన్న బ్యాచ్‌లో చెదురు తక్కువ కాబట్టి ఆల్ఫా తగ్గుతుంది. ఫస్టియర్ వాళ్లనీ హౌస్ సర్జన్లనీ కలిపి లెక్కిస్తే, వాళ్ల మధ్య తేడాల వల్లే పెరగొచ్చు.

ఎంతమందిని అడిగారన్నదీ ముఖ్యమే. పైలట్ అని 30 మందిని అడిగి ఆల్ఫా 0.78 అని రాస్తే, అసలు విలువ సుమారు 0.64 నుంచి 0.88 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. 200 మందిని అడిగితే ఆ పరిధి 0.73 నుంచి 0.82కి కుదించుకుంటుంది. అందుకే ఆల్ఫా పక్కన 95 శాతం విశ్వాస పరిధి రాయాలి. ఆ రెండు అంకెలు కనిపిస్తే చదివేవాళ్లకు 30 మంది పైలట్ ఎంత బలహీనమో వెంటనే తెలుస్తుంది.

ఇంత జాగ్రత్తగా లెక్కించినా ఆల్ఫా చెప్పలేనివి రెండున్నాయి. ఒకటి, ఈ వాక్యాలు కొలిచేది నిజంగా పల్లె సేవ మీద వైఖరేనా అన్నది. దానికి వాక్యాలను అనుభవజ్ఞులకు చూపించాలి, విద్యార్థులను కూర్చోబెట్టి ఏ వాక్యానికి ఏం అర్థం చేసుకున్నారో అడగాలి. వీలైతే ఆ మార్కులు తర్వాత వాళ్లు నిజంగా ఎక్కడ చేరారన్నదానితో సరిపోతాయో చూడాలి. రెండోది, ఇవాళ వేసిన జవాబు రెండు వారాల తర్వాతా అదే వేస్తారా అన్నది. దానికి అదే విద్యార్థులకు మళ్లీ ఫారం ఇవ్వాలి. మధ్యలో పీహెచ్‌సీ పోస్టింగ్ గానీ, ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రాంలో ఊరి సందర్శన గానీ పడకుండా చూసుకోవాలి, ఎందుకంటే వాటితో వైఖరే మారిపోవచ్చు. ఈ పనులు చేయకుండా ‘వ్యాలిడ్ అండ్ రిలయబుల్’ అని జంటగా రాయడం నిజం కాదు.

మరి మన పీజీ విద్యార్థి ఏం చేసి ఉండాలి? ఆల్ఫా నొక్కే ముందు ఫ్యాక్టర్ అనాలిసిస్ చేసి ఉండాలి. వాక్యాలు ఎన్ని గుంపులుగా కదులుతున్నాయో అది చూపిస్తుంది. బాధ్యత, బతుకు అన్న రెండు గుంపులు అక్కడే బయటపడేవి. ఆ తర్వాత గుంపుకొక ఆల్ఫా. దాని పక్కనే ఒమేగా అనే కొలతను కూడా ఇవ్వడం మంచిది. ప్రతి వాక్యమూ వైఖరిని సమానంగా మోస్తుందన్న ఊహ మీద ఆల్ఫా నిలబడుతుంది. ఒక వాక్యం బలంగా, ఇంకోటి బలహీనంగా మోసినా ఒమేగా తట్టుకుంటుంది. దాన్ని ఉచిత సాఫ్ట్‌వేర్ ‘ఆర్’లో సులభంగానే లెక్కించవచ్చు.

ఫలితాల అధ్యాయంలో అతను ఇలా రాసి ఉంటే నేను నమ్మేదాన్ని: ‘వ్యతిరేకార్థ వాక్యాల మార్కులు తిప్పిన తర్వాత ఫ్యాక్టర్ అనాలిసిస్‌లో రెండు గుంపులు తేలాయి. ఒకటి బాధ్యత, ఆరు వాక్యాలు. రెండోది బతుకు వసతులు, ఆరు వాక్యాలు. రెండింటి మధ్య సంబంధం లేనందున మొత్తం మార్కు ఇవ్వడం లేదు. ఒక్కో ఉపస్కేలుకు ఆల్ఫా 0.86. విశ్వాస పరిధి, ఒమేగా, ప్రతి వాక్యానికీ మిగతా వాటితో ఉన్న సంబంధం పట్టికలో ఉన్నాయి. ఈ విలువలు ఒకే కాలేజీలో, ఒకే బ్యాచ్‌కు చెందినవి. కాలక్రమంలో నిలకడను పరీక్షించలేదు.’ చివరి వాక్యం రాయడానికి వైవాలో భయపడనక్కర్లేదు. పరీక్షించలేదని చెప్పినవాడిని ఏ మంచి ఎగ్జామినరూ తప్పుపట్టడు.

గైడ్‌లకు నా విన్నపం ఒక్కటే. ఆల్ఫా అంకె చూసి సంతకం పెట్టకండి. పన్నెండు వాక్యాలూ, వాటికి పిల్లలు అసలు వేసిన జవాబుల పంపిణీ, ఏవి తిప్పారు, ఏవి తీశారు అన్న వివరాలు అనుబంధంలో పూర్తిగా అచ్చు వేయించండి. తర్వాత ఆ స్కేలును చేతిలోకి తీసుకునే కాలేజీకి అవసరమయ్యేది ఆ పేజీలే.